లాఫ్ట్ కూడా అందులోనే

రెండేళ్ల కిందట మా ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్‌లు చేయించుకుంటూ వడ్రంగి మేస్త్రికి ఒక మెయిల్ రాశాను. మొత్తం పదకొండు లైన్లు. పది లైన్లు నిజం. ఒక్క లైను మాత్రం నేను ఆయన చేత అనిపించిన మాట, ఆయన అన్న మాట కాదు. రాస్తున్నప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి రాసుంటే ఈ వ్యాసం అక్కర్లేదు, దానికి వేరే పేరుంది.

నిజాంపేటలో ఫ్లాట్. రెండు బెడ్‌రూమ్‌లు. ఒకదాంట్లో ఎనిమిదడుగుల వెడల్పు గోడ, ఇంకోదాంట్లో ఆరడుగులది. మేస్త్రి ఒక ఆదివారం వచ్చి టేపుతో కొలుచుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకుని వెళ్లాడు. గురువారం రాత్రి ఫోన్ చేశాడు. నేను ఆఫీసు నుంచి వస్తూ, సెల్లార్‌లో కారు ఆపుకుని అందులోనే కూర్చుని మాట్లాడాను. పద్నాలుగు నిమిషాలు. ప్లై ఏ రకం, లోపల ఏ మైకా, బయట ఏ మైకా, డ్రాయర్లు ఎన్ని, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి. రేటు దగ్గర కాసేపు లాగి, ఎస్‌ఎఫ్‌టికి పద్నాలుగు వందల యాభై దగ్గర ఆగాం. చివర్లో నేనే అడిగాను.

"మరి లాఫ్ట్ సంగతేంటి మేస్త్రీ?"

"లాఫ్ట్ కూడా అందులోనే సార్."

నాకు హాయిగా అనిపించింది. ఇంటికెళ్లి, భోంచేసి, పడుకునే ముందు మెయిల్ రాశాను. ఇది మా వృత్తిలో వచ్చే జబ్బు. కాల్ అయిపోయాక "యాజ్ డిస్కస్డ్" అని మొదలుపెట్టి ఒక మెయిల్ కొట్టకపోతే పళ్లు తోముకోకుండా పడుకున్నట్టుంటుంది. మెయిల్‌లో లేనిది కాల్‌లో అనుకోనట్టే అని మాకు మొదటి ఉద్యోగంలోనే నూరిపోస్తారు. మేస్త్రి విజిటింగ్ కార్డు మీద మెయిల్ ఐడీ ఉంది. ప్రింటింగ్ షాపు కుర్రాడు కార్డు బాగుండాలని చేసిచ్చిన ఐడీ అది. దాన్ని తెరిచి చూసేది డిగ్రీ చదువుతున్న ఆయన కూతురు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మెయిల్ ఇంగ్లీషులో రాశాను. నాలుగో పాయింటు: లాఫ్ట్‌లు పై ధరలోనే కలిసి ఉంటాయి. ఆఖరి లైను: ఆదివారం సాయంత్రంలోగా మీ నుంచి ఏమీ రాకపోతే ఇవన్నీ మీకు సమ్మతమే అనుకుంటాను. ఈ ఆఖరి లైను ఆఫీసులో రోజుకి రెండుసార్లు వాడతాను. రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు.

ఆదివారం దాటింది. సోమవారం పొద్దున మేస్త్రి ఫోన్. "మెయిల్ వచ్చిందంట సార్, అమ్మాయి చెప్పింది. అడ్వాన్స్ ఎప్పుడేస్తారు?" అరవై వేలు వేశాను. ఐదు వారాల్లో పని అయిపోయింది. పని బాగుంది, ఇప్పటికీ బాగుంది, తలుపులు ఎక్కడా కిందికి దిగలేదు.

చివరి రోజు ఆయన మిగిలిపోయిన ప్లై ముక్క మీద పెన్సిల్‌తో లెక్క వేసి చూపించాడు. వెడల్పు మొత్తం 14 అడుగులు. కింద వార్డ్‌రోబ్ ఎత్తు 7, అంటే 98. పైన లాఫ్ట్ ఎత్తు 2, అంటే 28. కలిపి 126 ఎస్‌ఎఫ్‌టి. రేటు 1,450. మొత్తం 1,82,700 రూపాయలు. నా లెక్కలో 98 మాత్రమే ఉంది, 1,42,100. మధ్యలో తేడా 40,600.

నేను గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదు కదా, నా దగ్గర కాగితం ఉంది. ఫోన్ తీసి, మెయిల్ తెరిచి, నాలుగో పాయింటు దగ్గర వేలు పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన ఫోన్ అందుకుని కాసేపు చూశాడు. చదివాడో లేదో తెలీదు. తిరిగిచ్చి, "మీరు రాసిందే కదా సార్, అట్లనే కానీయండి" అన్నాడు. మిగిలిన 82,100 అప్పటికప్పుడు వేశాను. ఆ వాక్యం ఎలా ఉందో చూడండి. "మనం అనుకున్నదే కదా" అనలేదాయన. "మీరు రాసిందే కదా" అన్నాడు. ఆ రోజు నాకు ఆ తేడా వినపడలేదు.

*

"అందులోనే" అనే మాట వడ్రంగి పనిలో రెండు రకాలుగా చెల్లుతుంది. వార్డ్‌రోబ్ పనిని సాధారణంగా ముందు వైపు వెడల్పు, ఎత్తు గుణించి వచ్చిన ఎస్‌ఎఫ్‌టి మీద కడతారు. లోపల ఎన్ని అరలున్నా లెక్క ముందు ముఖానిదే. లాఫ్ట్‌కి లోపల అరలూ డ్రాయర్లూ ఉండవు కాబట్టి కొందరు దానికి తక్కువ రేటు వేస్తారు, కొందరు అదే రేటు వేస్తారు. కాబట్టి లాఫ్ట్ గురించి అడిగితే మేస్త్రికి వినపడే ప్రశ్న ఒకటే: దానికి రేటు వేరేనా, ఇదేనా? "అందులోనే" అంటే "ఆ రేటులోనే". నాకు వినపడిన ప్రశ్న ఇంకోటి: దానికి డబ్బులు వేరేనా, కాదా? "అందులోనే" అంటే "ఆ డబ్బులోనే". ఇద్దరం తెలుగువాళ్లమే. ఇద్దరం అబద్ధం ఆడలేదు. మధ్యలో ఒక సప్తమీ విభక్తి నలభై వేలు మింగింది.

మన దేశంలో నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ కాగితం ఉండి తీరాలని అడగదు, కొన్ని ప్రత్యేకమైన విషయాల్లో తప్ప. కానీ దాని పదమూడో సెక్షన్ ఒకటి అడుగుతుంది, అది కాగితం కన్నా కష్టం. ఇద్దరూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి అంటుంది. ఒకే విషయానికి అంటే సరిపోయేది. ఒకే అర్థంలో అని కూడా చేర్చారు. ఆ చట్టం రాసినవాళ్లు ఎక్కడో ఒకచోట "అందులోనే" లాంటి మాట విని దెబ్బతిన్నవాళ్లే అయివుంటారని నా నమ్మకం. మరో సంగతి. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన 10ఎ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదని అనడానికి లేదు. అంటే మెయిల్‌కి బలం ఉంది. ఆ బలం అందులో రాసిన అర్థం ఇద్దరిదీ అయినప్పుడే న్యాయమైనదవుతుంది. ఇద్దరిదీ అయిందో లేదో మెయిల్‌ని చూసి చెప్పలేం.

ఇక్కడ ఒక గుర్రం కథ చెప్పాలి. లా కాలేజీల్లో ఇప్పటికీ చెప్పే ఇంగ్లండు కేసు, ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లే, 1862. ఒక మేనమామో బాబాయో (ఇంగ్లీషు అంకుల్‌తో వచ్చే చిక్కు ఇదే, వరస తెలీదు) తన వాళ్లబ్బాయి దగ్గర ఒక గుర్రం కొనుక్కోవాలనుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. బేరం కుదిరిందనుకున్నారు. తర్వాత చూస్తే పెద్దాయన 30 పౌండ్లకు కొన్నాననుకున్నాడు, కుర్రాడు 30 గినీలకు అమ్మాననుకున్నాడు. పౌండుకి 20 షిల్లింగులు, గినీకి 21. ముప్పై అనే అంకె ఇద్దరికీ ఒకటే, దాని వెనక ఉన్నది వేరు. తేడా 30 షిల్లింగులు. అచ్చం నా లాఫ్టే.

అప్పుడు పెద్దాయన ఏం చేశాడంటే, ఉత్తరం రాశాడు. తేడాని చెరిసగం చేసుకుందాం, 30 పౌండ్ల 15 షిల్లింగులకు తీసుకుంటాను, నీ దగ్గర్నుంచి ఇంకే కబురూ రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అని దాని సారాంశం. కుర్రాడు జవాబు రాయలేదు. కానీ తన పశువులన్నీ వేలం వేస్తున్నప్పుడు, ఆ గుర్రాన్ని మాత్రం పక్కన పెట్టమని వేలంవాడు బిండ్లేకి చెప్పాడు. బిండ్లే మర్చిపోయి దాన్నీ పాడేశాడు. పెద్దాయన బిండ్లే మీద కేసు వేశాడు, నా గుర్రాన్ని ఎలా అమ్ముతావని. కోర్టు అడిగింది, ఆ రోజుకి అది నీ గుర్రం ఎలా అయింది? కుర్రాడు ఒప్పుకున్నట్టు నీకు చెప్పలేదు. జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే అని నువ్వు ఎదుటివాడి మీద ఒక బరువు పెట్టలేవు. పెద్దాయన ఓడిపోయాడు.

ఈ తీర్పుని చాలామంది విమర్శించారు. ఎందుకంటే కుర్రాడికి నిజంగానే గుర్రం ఆయనకివ్వాలని ఉంది, పక్కన పెట్టమన్నాడు కూడా. మౌనం వెనక సమ్మతి ఉన్న కేసు అది. అయినా కోర్టు మౌనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఆయన మెయిల్ (ఉత్తరమే, నాకు మెయిల్ అనే వస్తోంది) నా మెయిల్ కన్నా నిజాయితీగా ఉంది. తేడా ఉందని ఒప్పుకుని, నీది ఇదీ, నాది ఇదీ, మధ్యలో ఇదీ అని రాశాడు. నేను తేడా అనేదే లేనట్టు రాశాను. ఆయన పెట్టిన ఆఖరి లైనే నేనూ పెట్టాను. నూట అరవై ఏళ్ల కిందట ఒక కోర్టు చెల్లదన్న వాక్యాన్ని మా ఆఫీసులో అందరం మర్యాద అనుకుని వాడుతున్నాం.

*

మౌనం అంటే సమ్మతి అన్న సామెత మనకూ ఉంది. దాన్ని నమ్మినవాళ్లు ఎప్పుడూ మౌనంగా ఉండాల్సిన స్థితిలో లేనివాళ్లే అయివుంటారు. నేను ఒకసారి ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకి క్లయింటుతో కాల్. డెలివరీ ఎప్పుడని అడిగితే నేను చెప్పింది ఇది: టెస్టింగ్ సర్వర్ మీరు సోమవారంలోగా ఇస్తే, పద్నాలుగుకి ప్రయత్నిస్తాం. మా మేనేజర్ కాల్ అయిన పది నిమిషాలకి మెయిల్ కొట్టాడు. అందులో ఉన్నది: టీమ్ పద్నాలుగో తేదీకి డెలివరీ ఇస్తుంది. "ఇస్తే" పోయింది. "ప్రయత్నిస్తాం" పోయింది. తేదీ మిగిలింది.

ఆయన కావాలని చేశాడని ఇప్పటికీ అనుకోను. విన్న మాటని సంక్షిప్తం చేసేటప్పుడు ముందుగా రాలిపోయేవి షరతులే. తేదీ ఒక అంకె, దాన్ని బుల్లెట్ పాయింటులో పెట్టొచ్చు. "మీరు అదిస్తే మేం ఇదిస్తాం" అన్నదానికి రెండు కాళ్లుంటాయి, బుల్లెట్ పాయింటులో ఒక కాలికే చోటు. పైగా తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే మా లాంటి చోట్ల ఇంకో నష్టం ఉంది. మన భాషలో ఒప్పుకోవడానికి చాలా మెట్లున్నాయి. "చూద్దాం", "చూద్దాంలే", "అయిపోతుంది", "అయిపోద్దిలెండి", "చేద్దాం", "చేసేద్దాం". వీటిల్లో ఏది మాట ఇవ్వడమో, ఏది మాట దాటెయ్యడమో వినే చెవికి తెలుస్తుంది. మెయిల్‌లోకి వచ్చేసరికి ఇవన్నీ ఒకే "విల్ డూ" అయి కూర్చుంటాయి.

ఆ మెయిల్ నేను రాత్రి పదకొండుకి చూశాను. తప్పు ఉందని వెంటనే తెలిసింది. సీసీలో ఇరవై ముగ్గురున్నారు. వాళ్లలో కాల్‌లో ఉన్నది ఐదుగురు. మిగతా పద్దెనిమిది మందికి ఈ మెయిలే కాల్. ఇప్పుడు నేను రిప్లై ఆల్ కొట్టి "నేను అలా అనలేదు" అంటే, ఒక షరతు సరిచేసినవాణ్ని కాను, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నవాణ్ని. మేనేజర్‌ని అందరి ముందూ తప్పుపట్టినవాణ్ని కూడా. పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను. పొద్దున ఇంకేదో పని. సర్వర్ సోమవారం రాలేదు, శుక్రవారం వచ్చింది. పద్నాలుగు మాత్రం పద్నాలుగునే వచ్చింది. నేనూ, నాతో పాటు ఇద్దరు కుర్రాళ్లూ మూడు శని-ఆదివారాలు ఆఫీసులోనే ఉన్నాం. ఆ ఇద్దరిలో ఒకడి అక్క నిశ్చితార్థం ఆ రెండో ఆదివారమే. వాడు వెళ్లలేదు. నేను ఆ రాత్రి ఒక లైను రాయనందుకు వాడు వెళ్లలేదు.

నా మౌనం సమ్మతి కాదు. భయం, మొహమాటం, నిద్ర, అన్నీ కలిసినది. మేస్త్రి మౌనం అంతకన్నా నిస్సహాయమైనది. ఆయనకి అది మౌనమని కూడా తెలీదు. మెయిల్ వచ్చిందని కూతురు చెప్పింది, ఆయన ఫోన్ చేసి వచ్చిందన్నాడు. ఆయన దృష్టిలో మాట ఫోన్‌లోనే అయిపోయింది, మెయిల్ అనేది రసీదు లాంటిది. నా దృష్టిలో ఫోన్ అనేది చిత్తు, మెయిల్ అసలు. ఏది అసలు అన్నదాని మీద కూడా మా మధ్య ఒప్పందం లేదు, దాని గురించి ఎవరం అడగలేదు.

ఇదంతా చదివి, అయితే మెయిల్ రాయొద్దంటావా అనకండి. రాయకపోతే ఏమవుతుందో కూడా చూశాను. రాతలేని చోట ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల జ్ఞాపకమే నిజం. మా నాన్న ఒక చుట్టానికి కాగితం లేకుండా అప్పిచ్చి, అది అప్పు కాదు సాయం అని ఆయన నోట వినాల్సి వచ్చింది. "మన మధ్య కాగితాలేంటి బావా" అన్నది కూడా ఆయనే. నమ్మకం లేకే రాయించుకుంటున్నారు అనేది ఎప్పుడూ రాత వల్ల నష్టపోయేవాళ్లే అంటారని కాదు గానీ, తరచుగా వాళ్లే అంటారు. నా బాధ రాయడం గురించి కాదు. రాసింది వర్ణన లాగా కనిపిస్తూ ఆజ్ఞ లాగా పనిచేయడం గురించి. "అనుకున్నట్టుగా" అని మొదలయ్యే మెయిల్ గతాన్ని చెబుతున్నట్టు నటిస్తుంది. నిజానికి అది ఆ క్షణంలో గతాన్ని తయారుచేస్తోంది. ముందు రాసినవాడికే ఆ అవకాశం. రెండోవాడికి మిగిలేది ఒప్పుకోవడం, లేదా గొడవ పడటం.

*

మన పద్ధతుల్లో ఫోన్ తర్వాత మెయిల్‌కి అతి దగ్గరగా ఉండేది లగ్నపత్రిక అనిపిస్తుంది నాకు. అక్కడా ముందు అంతా నోటిమాటే. మధ్యవర్తులు, రాకపోకలు, ఫోన్లు. అన్నీ కుదిరాక ఒక రోజు అందరూ కూర్చుంటారు, పురోహితుడు వధూవరుల పేర్లూ, ఇంటిపేర్లూ, గోత్రాలూ, తిథీ, వారమూ, ముహూర్తమూ రాస్తాడు. కాగితం అంచులకి పసుపు రాస్తారు. కాబట్టి రాసుకోవడం అనుమానానికి గుర్తు అన్న వాదన మన దగ్గర పూర్తిగా నిలబడదు. అనుమానం ఉన్నవాళ్లు పసుపు రాయరు.

కానీ నేను ఇన్నాళ్లూ గమనించనిది ఇంకోటి ఉంది. ఆ కాగితాన్ని రాసి పోస్టు చెయ్యరు. గట్టిగా చదువుతారు. రెండు వైపులవాళ్లూ ఎదురుగా కూర్చుని వింటుండగా చదువుతారు. మా చెల్లి నిశ్చితార్థంలో మా తాతగారి పేరు తప్పు చదివితే, గదిలో ఏడుగురు ఒకేసారి "కాదు కాదు" అన్నారు. పురోహితుడు నవ్వి కొట్టేసి మళ్లీ రాశాడు. ఎవరికీ అవమానం కాలేదు, ఎందుకంటే అది ఇంకా ఎవరి కాగితమూ కాదు. సరిదిద్దాక, చదివాక, అప్పుడు రెండు కుటుంబాలూ ఇచ్చిపుచ్చుకుంటాయి. చదువురాని ముసలమ్మకి కూడా అందులో ఏముందో తెలుసు. విన్నది కాబట్టి. (పైకి చదవని సంగతులు, కట్నం లాంటివి, ఆ కాగితంలో ఉండవు. ఎక్కడ చదవలేమో అక్కడే మోసం ఉంటుందన్నమాట.)

నా మెయిల్‌కి పసుపు లేకపోయినా ఫర్వాలేదు. చదవడం లేకుండా పోయింది.

*

ఏడు నెలల తర్వాత ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయి ఫైళ్లు తీసేస్తుంటే కాల్ రికార్డింగులు బయటపడ్డాయి. ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయాను. ఎదుటివాళ్లకి చెప్పకుండా రికార్డు చేయడం తప్పే, అందుకే ఆ ఆప్షన్ తర్వాత తీసేశాను. కానీ ఆ రాత్రి, తీసేయకముందు, మేస్త్రి కాల్ విన్నాను. నాది ఎంత సబబో ఇంకోసారి చూసుకుందామని విన్నానని ఒప్పుకోవాలి.

మూడో నిమిషంలో ఆయన గొంతు: "లాఫ్ట్ కొలతలు కూడా తీసుకున్నా సార్. అంతా కలిపి నూట ఇరవై ఆరు వస్తుంది."

నా గొంతు: "ఆఁ, సరే."

వెనక్కి లాగి మళ్లీ విన్నాను. నూట ఇరవై ఆరు. సరే. అప్పటికి మేం మైకా రంగు గురించి మాట్లాడుతున్నాం, నా మనసు దాని మీదుంది. నేను వినకుండా సరే అన్నాను. ఆయన చదవకుండా మెయిల్ వచ్చిందన్నాడు. రెండూ ఒకటే. కాకపోతే ఆయన వినని దానికి రుజువుంది, నేను వినని దానికి లేదు. ఉన్న ఒక్క రుజువూ నా ఫోన్‌లోనే ఉంది, నేను డిలీట్ చెయ్యబోతున్నాను.

పద్నాలుగు నిమిషాల్లోంచి పదకొండు లైన్లు రాస్తున్నప్పుడు ఏది రాయాలో ఎవరు ఎంచారు? నేనే. నాకు లాభం ఉన్నవే గుర్తున్నాయని అనను. నేను మాట్లాడినవి, నేను అడిగినవి బాగా గుర్తున్నాయి. ఆయన తనంతట తాను చెప్పినవి గుర్తులేవు. నూట ఇరవై ఆరు ఆయన చెప్పాడు, నేను అడగలేదు. అందుకే అది మెయిల్‌లో లేదు. ఆ ఒక్క అంకె అందులో ఉన్నా, లేదా నేను మొత్తం 1,42,100 అని చివర్లో వేసినా, ఇంగ్లీషు రాకపోయినా మేస్త్రి అంకె చదివేవాడు, నిమిషంలో ఫోన్ చేసేవాడు. రేటు రాశాను, మొత్తం రాయలేదు. గుణకారం చేయడానికి బద్ధకం.

మర్నాడు యూపీఐలో ఆయన నంబరు తీసి ముందు 20,300 కొట్టాను. సగం. గుర్రం కొనుక్కున్న పెద్దాయన పద్ధతి. పంపే బటన్ దగ్గర ఆగాను. ఇద్దరికీ తెలియనప్పుడు సగం న్యాయం. ఒకరు చెప్పి, ఒకరు సరే అన్నాక సగం అంటే, నా తప్పు ఖరీదులో సగం ఆయన్ని భరించమనడం. చెరిపేసి 40,600 వేశాను.

రెండు నిమిషాల్లో ఫోన్. "ఇదేంటి సార్?"

చెప్పాను. లాఫ్ట్ డబ్బులు, నూట ఇరవై ఆరు మీరు ముందే చెప్పారు, నేను వినలేదు అని.

"నేను చెప్పినట్టు నాకు గుర్తే సార్."

"మరి ఆ రోజు అనలేదేం మేస్త్రీ?"

కాసేపు ఆగి, "రాసుంది కదా సార్" అన్నాడు.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆయనకి తన జ్ఞాపకం మీద నమ్మకం ఉంది. నా రాత మీద అంతకన్నా నమ్మకం ఉంది. అది గౌరవమో, అలవాటైపోయిన ఓటమో తేల్చుకోలేకపోయాను.

మెయిళ్లు మానలేదు. కొన్ని మార్చుకున్నాను. అదే రోజు రాస్తాను, మర్నాటికి జ్ఞాపకం నా వైపు వాలిపోతుంది. తేలినవి వేరుగా, తేలనివి వేరుగా రాస్తాను. తేలనివి ఒక్కటి కూడా లేవంటే నేనేదో వినలేదని అర్థం. "ఇస్తే" అన్నది ఇస్తే అనే రాస్తాను, వాక్యం ఎంత వికారంగా ఉన్నా. కాల్‌లో లేనివాళ్లని మొదటి మెయిల్‌లో సీసీ పెట్టను, సరిదిద్దడానికి ఎదుటివాళ్లకి ఒక పూట ఏకాంతం ఉండాలి. "ఏమీ రాకపోతే ఒప్పుకున్నట్టే" అనే లైను పూర్తిగా తీసేశాను. దానివల్ల పనులు ఆలస్యమవుతున్నాయి. జవాబు రాని మెయిళ్ల కోసం మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తోంది. మా ప్రస్తుత మేనేజర్‌కి ఇది నచ్చలేదు, ఆమె చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. అందరూ చదవగలిగి, అందరూ ఎదురు చెప్పగలిగే చోట గడువు పెట్టడం తప్పేమీ కాదంటుంది. అలాంటి చోటు మన ఆఫీసేనా అని అడిగితే నవ్వింది.

మొన్న సంక్రాంతి అయ్యాక కిచెన్ పనికి మళ్లీ ఆ మేస్త్రినే పిలిచాను. ఫోన్‌లో అంతా మాట్లాడుకున్నాం. తర్వాత ఆదివారం ఆయన వచ్చినప్పుడు, తెలుగులో రాసుకున్నది గట్టిగా చదివాను. ఆయన ప్లాట్‌ఫామ్‌కి ఆనుకుని, చెవి మీద పెన్సిల్‌తో నిలబడి విన్నాడు. మొత్తం ఎంతో అంకెతో సహా చదివాను. మూడో లైను దగ్గర చెయ్యెత్తాడు.

"ఆగండి సార్. 'పొడుగు అల్మారా కూడా' అని రాశారు. ఆ 'కూడా' కొట్టేసి, దాని రేటు వేయండి."